చాలు అని రాసిన చోట

“ఇంకా రాలేదేంటి ఈ పిల్ల? ఆటోనగర్లో తీగలన్నీ నెత్తి మీదికే వేలాడుతుంటాయి. ఏది తెగి ఎవరి మీద పడుద్దో ఏమో!” అంది రెబ్కా గుమ్మంలో నిలబడి.

అప్పటికి ఏమీ జరగలేదు. గాలి కూడా లేదు. కూతురు రోజూ ఇంటికొచ్చే వేళకి ఇంకా పది నిమిషాలుంది. లోపల కుర్చీలో కూర్చున్న ఆదాం భార్య మాట విని ఊరుకున్నాడు. ఆయన చాలా ఏళ్ళుగా అలా విని ఊరుకుంటూనే ఉన్నాడు.

నల్లపాడు స్టేషను వెనక వీధిలో రెబ్కా భయాలు తెలియనివాళ్ళు లేరు. గ్యాసు పొయ్యి ఆపేసి కూడా మూడుసార్లు లేచి చూస్తుంది. ఫెబా ఒక్కసారి తుమ్మితే ఆస్పత్రి దాకా ఆలోచిస్తుంది. కోల్డ్ స్టోరేజీ షెడ్డులో మిరపకాయల తొడిమలు తీసేటప్పుడు పక్కన కూర్చున్న ఆడవాళ్ళు ఆమెని ఆటపట్టిస్తారు. “రెబ్కమ్మక్కా, ఇవాళ ఏం కూలుద్దంటావు? పై రేకులా, మేమా?” అంటారు. ఆమె కూడా నవ్వుతుంది. నవ్వుతూనే ఒకసారి పై రేకుల వైపు చూస్తుంది. ఆమె భయపడ్డవి నూటికి తొంభై తొమ్మిది జరగలేదు. జరిగింది ఒక్కటే. దాన్ని మాత్రం ఆమె ముందుగా ఊహించలేదు. ఆ రోజు ఆమె భయం ఇంకో వైపు చూస్తోంది.

ఫెబా వచ్చింది. చెప్పులు విడిచి, నాన్న భుజం మీద చెయ్యి వేసి “వచ్చాను నాన్నా” అంది. ఆదాం తల ఊపాడు. షుగరు ఆయన కళ్ళని తినేసి నాలుగేళ్ళయింది. వెలుతురూ చీకటీ తెలుస్తాయి. మనిషి ఆకారం మసకగా తెలుస్తుంది. అక్షరం, గీత మాత్రం కనబడవు.

తర్వాత ఫెబా వంటింట్లోకొచ్చి తల్లి చెవి దగ్గర మెల్లిగా అంది. “అమ్మా, ఒకటి చూపిస్తాను. అరవకూడదు.”

ఆ ఒక్క మాటకే రెబ్కా కూతురి చెయ్యి పట్టుకుంది. “ఎవరికేమయింది?”

“ఎవరికీ ఏమీ కాలేదు. చూడు ముందు.”

ఫోనులో ఒక ఫొటో ఉంది. తుప్పు పట్టిన ఇనప తలుపు, దాని లోపలివైపు మైదా జిగురుతో అంటించిన కాగితం. కాగితం అంచులు పసుపుపచ్చగా మారి లేచిపోయాయి. మధ్యలో నల్ల ఇంకుతో గీతలు, చిన్న చిన్న గుండ్రాలు, అంకెలు. కుడివైపు చివర మాత్రం నీలం బాల్‌పెన్నుతో తర్వాతెప్పుడో కలిపిన గీతలున్నాయి. వాటి పక్కన తెలుగులో ముత్యాల్లాంటి అక్షరాలు.

రెబ్కాకి కరెంటు బొమ్మలు చదవడం రాదు. ఏడో తరగతితో బడి మానేసిన మనిషి. కానీ ఆ అక్షరాలని ఆమె ఎక్కడున్నా గుర్తుపడుతుంది. పెళ్ళికి ముందు వచ్చిన రెండు ఉత్తరాలూ ఆ అక్షరాలతోనే వచ్చాయి.

“ఇది... ఇది ఆ మిల్లుది కదే.”

“ఆ. పర్చూరు దారిలోదే. ఎవరో కొన్నారంట. మళ్ళీ తెరుస్తున్నారు. పాత పానెల్ పనికిరాదు, అచ్చం అట్లాంటిదే కొత్తది కట్టివ్వమని మా బుల్లయ్య గారికి ఈ ఫొటో పంపారు. అందులో ఏమేం సామాన్లున్నాయో లిస్టు రాయాలి. ఏ వైరు ఎక్కడ నుంచి ఎక్కడికి పోవాలో తెలుగులో విడమర్చి రాయాలి. అక్కడి వైరుమన్లకి బొమ్మ చదవడం రాదంట. సోమవారానికల్లా ఇవ్వాలి.”

ఫెబా డిప్లొమా చదివింది. ఆటోనగర్లో పానెల్ బోర్డులు కట్టే బుల్లయ్య షెడ్డులో ఏడాదిగా ఆమె పని ఇదే. ఎవరో పంపిన బొమ్మని మాటల్లోకి మార్చడం.

“ఇంకెవరికైనా ఇమ్మనవే. నువ్వొద్దు.”

“నాకే ఇచ్చారమ్మా. ఎవరిదో వాళ్ళకి తెలీదు.”

“మీ నాన్నకి చెప్పకు.”

రెబ్కా ఫోను బోర్లించి గట్టు మీద పెట్టింది. తర్వాత అక్కడ కూడా ఉండకూడదన్నట్టు బియ్యం డబ్బా మీదికి మార్చింది.

పదకొండేళ్ళ కింద ఆదాం ఆ జిన్నింగు మిల్లులో ఎలక్ట్రీషియను. దూది నుంచి గింజ వేరుచేసే మిషన్లు వరసగా తిరిగే షెడ్డు అది. ఒక రోజు ఫెబాకి జ్వరం వచ్చింది. నూట ఒకటి. రెబ్కా మొగుడి చొక్కా పట్టుకుని వెళ్ళనివ్వలేదు. “ఇవాళ నువ్వు గడప దాటితే పిల్ల నాకు దక్కదు” అని ఏడ్చింది. ఆదాం ఆగిపోయాడు. ఆ రోజే మిల్లులో నాలుగో మిషను దగ్గరున్న బటన్ల పెట్టె కాలిపోయింది. యజమాని ఊళ్ళో దొరికిన ఇంకో వైరుమన్ని పిలిపించాడు. వాడు పానెల్ తలుపు తీసి, ఆదాం గీసి అంటించిన బొమ్మ చూసి, కొత్త పెట్టె బిగించాడు. బిగించేసరికి లైను పోయింది. “కరెంటొచ్చాక చూసుకోండి” అని వాడు వెళ్ళిపోయాడు. కరెంటు లేదు కదా అని అంకయ్య మిషను మూత తీసి, రోలర్ల మధ్య ఇరుక్కున్న దూది లాగుతున్నాడు. అంకయ్య ఆదాంకి అన్న వరస. పక్కపక్క ఇళ్ళు. ఒకే చర్చి.

కరెంటొచ్చింది. మిషను తిరిగింది.

ఎవరూ బటన్ నొక్కలేదు. అక్కడున్న ఆరుగురూ బైబిలు మీద ప్రమాణం చేసి ఆ మాటే చెప్పారు. ఒకడు పరిగెత్తి స్టాప్ నొక్కితే మిషను ఆగింది. వేలు తీస్తే మళ్ళీ తిరిగింది. మళ్ళీ నొక్కాడు, ఆగింది. తీశాడు, తిరిగింది. ఎవరో వెళ్ళి మెయిన్ దించేసరికి అంకయ్య లేడు.

ఆ తర్వాత ఆ మిషనుకి ఏదో పట్టిందన్నారు. ప్రాణం అడిగిందన్నారు. కూలీలు ఆ షెడ్డులోకి వెళ్ళమన్నారు. మిల్లు మూతపడింది. వైరుమన్ మాత్రం పోలీసుల ముందు ఒకటే మాట మీద నిలబడ్డాడు. “ఆదాం గీసిన బొమ్మలో ఎట్టా ఉందో అట్టానే కలిపాను.” యజమాని పానెల్ గదికి తాళం వేసి ఆదాంని లోపలికి రానివ్వలేదు.

మూడో రోజు అంకయ్య భార్య ప్రేమమ్మ వాళ్ళ గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. లోపలికి రాలేదు. అడిగింది ఒక్కటే. “ఆదాం, నువ్వు గీసిన బొమ్మలో తప్పుందా?”

ఆదాం జవాబు చెప్పలేదు. ఆమె చాలాసేపు నిలబడి వెళ్ళిపోయింది. ఆ నెలలోనే వీళ్ళు ఊరు వదిలి నల్లపాడు వచ్చేశారు. ఆదాం మళ్ళీ స్క్రూడ్రైవరు పట్టలేదు. కళ్ళు పోయేదాకా రైల్వే గేటు పక్కన సైకిళ్ళ స్టాండు చూసుకున్నాడు. ఆ మిల్లు మాట ఇంట్లో ఒక్కసారి కూడా ఎత్తలేదు.

కానీ కరెంటు పోయినప్పుడల్లా ఆయన లేస్తాడు. గోడ తడుముకుంటూ ఒక్కో గదికీ వెళ్ళి, ఒక్కో స్విచ్చీ కిందికి దించుతాడు. ఫ్యానుది, లైటుది, మిక్సీ ప్లగ్గుది. అన్నీ దించాక కుర్చీలో కూర్చుంటాడు. పక్కింట్లో టీవీ మోగి కరెంటొచ్చిందని తెలిశాక కూడా కాసేపు అలాగే ఉండి, అప్పుడు లేచి ఒక్కొక్కటీ వేస్తాడు. ఆ కాసేపట్లో రెబ్కాకి దూరంగా మిషను తిరిగే చప్పుడు వినబడుతుంది. ఏ చప్పుడూ లేదని ఆమెకి తెలుసు. అయినా వినబడుతుంది.

ఆ రాత్రి ఆమెకి సరిగా నిద్ర పట్టలేదు. మర్నాడు ఆదివారం చర్చిలో పాటలు ఏం పాడారో కూడా తెలియలేదు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆదాం ముందుగదిలో నడుం వాల్చాడు. ఫెబా వంటింట్లో నేల మీద కూర్చుని నోటు పుస్తకం తెరిచింది. రెబ్కా పక్కన కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. చూడకూడదనుకుంటూనే చూస్తోంది.

“రాసేశావా?”

“లిస్టయింది. ఎంసీబీ ఒకటి, కాంటాక్టర్ ఒకటి, ఓవర్‌లోడ్ రిలే ఒకటి, ఫ్యూజు ఒకటి, ఐదు హార్స్‌పవర్ మోటారు. పానెల్ మీద బటన్లు రెండు, మిషను దగ్గర పెట్టెలో రెండు. ఆ పెట్టెలో ఒక బటన్ దగ్గరే ఆగిపోయాను.”

“ఎందుకు?”

ఫెబా ఫొటోని పెద్దది చేసి చూపించింది. నీలం పెన్నుతో గీసిన మూలలో ఒక నల్లటి మరక. గ్రీజు వేలిముద్ర. బొటనవేలిది, గీతలతో సహా కాగితం మీద దిగిపోయింది. ఆ వేలు ఎవరిదో ఇప్పుడు ఎవరు చెప్పగలరు?

“ఈ మరక కింద బటన్ గుర్తుంది. కనబడట్లా. పక్కన నాన్న రాసిన మాటొక్కటే మిగిలింది. చదువు.”

రెబ్కా చదివింది. “చాలు.”

“చాలు. దాని ముందున్న బటన్ పక్కనేమో బంద్ అనుంది. దాని గుర్తు బానే కనబడుతోంది, అది స్టాపు. మరి బంద్ ఉన్నాక మళ్ళీ చాలు ఏంటి? నిన్న షాపులో ఈ ఫొటో ఫోను యాప్‌లో వేశాను. అది లిస్టు, కనెక్షన్లు అన్నీ గబగబా రాసిచ్చింది. ఇక్కడికొచ్చేసరికి ‘చాలు, అనగా ఆపుటకు, స్టాప్ బటన్’ అని రాసింది.”

“సరే కదా మరి. చాలంటే ఆపమనేగా. ఫోను కూడా చెప్పింది.”

“అట్టా కాదమ్మా. ఇటు చూడు.” ఫెబా పుస్తకంలో కొత్తగా గీసింది. “స్టాప్ బటన్ అంటే తెరిచి ఉన్న రైలు గేటు అనుకో. ముట్టుకోనంతసేపూ కరెంటు అందులోంచి పోతుంటది. నొక్కితే గేటు పడుద్ది. స్టార్ట్ బటన్ దానికి తిరగేసి. ఎప్పుడూ మూసుంటది, నొక్కినంతసేపే దారిస్తది. వేలు తీసినా మోటారు ఆగిపోకుండా, దానికి కరెంటు కలిపే కాంటాక్టర్ తనే ఇంకో దారి పట్టుకుంటది. అదీ ఈ పదమూడు, పద్నాలుగు నంబర్ల మధ్య దారి.”

“ఊఁ.”

“స్టాపులు ఒకదాని వెనక ఒకటి వరసలో ఉండాలి. ఏది నొక్కినా ఆగాలి కాబట్టి. స్టార్టులు పక్కపక్కన ఉండాలి, ఎక్కడ నొక్కినా నడవాలి కాబట్టి. నాన్న గీసిన గీతలో ఈ చాలు ఎక్కడుందో తెలుసా? స్టార్టు పక్కన. స్టార్టుల చోట.”

రెబ్కా చేతిలో గింజ ఆగింది. “అక్కడ స్టాపు పెడితే?”

ఫెబా పెన్ను మొనతో గీత వెంబడి మెల్లిగా నడిచింది. ఫ్యూజు, రిలే, స్టాపు, బంద్, అక్కడి నుంచి చాలు, అక్కడి నుంచి కాంటాక్టర్ కాయిలు.

“అక్కడ స్టాపు బిగిస్తే గేటు ఎప్పుడూ తెరిచే ఉంటది. మెయిన్‌లో కరెంటుంటే చాలు, ఎవరూ ఏమీ నొక్కక్కర్లా. మోటారు దానంతటది తిరుగుద్ది. బంద్ నొక్కితే ఆగుద్ది. వేలు తీస్తే మళ్ళీ తిరుగుద్ది.”

వంటింట్లో ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఆ ఆరుగురూ చెప్పింది అచ్చం అదే. పోలీసులు నమ్మనిది, ఊరు దయ్యమన్నది అదే.

రెబ్కా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పదకొండేళ్ళుగా ఆమెకొచ్చే కల ఒకటుంది. చీకట్లో ఏదో జంతువు రెండు ఎర్ర కళ్ళతో చూస్తుంటుంది. అది కల కాదు, తను చూసినదే. అంకయ్య శవాన్ని బయటికి తెచ్చే ముందు ప్రేమమ్మని పట్టుకుని ఆమె షెడ్డు గుమ్మం దాకా వెళ్ళింది. మిషను పక్కన ఆ పెట్టె కనబడింది.

“ఎర్రగా ఉన్నాయే” అంది కొంగులోంచి.

“ఏంటమ్మా?”

“ఆ పెట్టె. రెండు బటన్లు. కొత్తవి. రెండూ ఎర్రగా ఉన్నాయి. కళ్ళలాగా.”

ఫెబా పెన్ను కింద పెట్టింది. “రెండూ ఎరుపేనా? ఒకటి ఆకుపచ్చ కాదూ? బాగా గుర్తు తెచ్చుకో.”

“మర్చిపోతేగా తెచ్చుకోడానికి! రోజూ చూస్తానే నేను వాటిని!”

“స్టార్టు ఆకుపచ్చ, స్టాపు ఎరుపు పెడతారమ్మా. రెండూ ఎరుపంటే... వాడు రెండూ స్టాపులే బిగించాడు.” ఫెబా ఫొటోలో ఆ మాట మీద వేలు పెట్టింది. “చాలు అన్న మాట చదివి బిగించాడు. లేకపోతే...”

“లేకపోతే?”

“లేకపోతే ఈ మరక అప్పటికి లేదేమో. కింద నాన్న నిజంగానే స్టాపు గుర్తు గీసుంటే, వాడు చూసే బిగించినట్టు. అది నాకు తెలీదు.”

రెబ్కా లేచి నిలబడింది. ఆమె భయానికి ఇన్నేళ్ళూ ఆకారం లేదు. ఇప్పుడొచ్చింది. వేలి మరకంత ఉంది. దాని కింద ఒక గీత ఉంది. ఆ గీత స్టార్టు గుర్తయితే ఆమె మొగుడు ఏ తప్పూ చెయ్యలేదు. స్టాపు గుర్తయితే అంకయ్యని చంపింది ఆయనే.

“నాన్ననడుగుతాను” అంది ఫెబా.

“అడక్కు! నీ పనికి అది అవసరమా? కొత్త పానెల్‌కి ఏం బిగించాలో నీకు తెలుసుగా?”

“తెలుసు. ఆకుపచ్చ స్టార్టే రాస్తాను. ఎవరిని అడిగినా అదే చెప్తారు.”

“మరింక ఎందుకే అడగడం?”

“పనికి అక్కర్లేదమ్మా. ఆయనకి కావాలి.”

“ఆయనకి తెలీకుండా ఉండటమే కావాలి. తనే తప్పు గీశానని ఒప్పుకోవాల్సొస్తే? ఆ గుండె తట్టుకుంటదా? రాత్రికి రాత్రి ఏమన్నా అయితే? ఆస్పత్రికి తీసికెళ్ళడానికి ఆదివారం ఆటో కూడా దొరకదు!”

“అమ్మా, ఆయన పదకొండేళ్ళుగా తప్పు గీశాననే అనుకుంటున్నాడు. ఎక్కడ గీశానో తెలీక చస్తున్నాడు.”

ముందుగదిలో మంచం కిర్రుమంది. వంటింటికీ ముందుగదికీ మధ్య ఉన్నది కర్టెను మాత్రమేనన్న సంగతి ఇద్దరికీ అప్పుడు గుర్తొచ్చింది.

“ఫెబా” అన్నాడు ఆదాం. “అది తెచ్చి చదువు.”

రెబ్కా కూతురి వెనకే వెళ్ళి గోడకి ఆనుకుంది. ఆదాం మంచం మీద లేచి కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. చర్చిలో వాక్యం వినేటప్పుడు అలాగే కూర్చుంటాడు.

ఫెబా తను రాసింది చదవడం మొదలుపెట్టింది.

“మూడు ఫేజుల వైర్లు ముందు ఎంసీబీలోకి. ఎంసీబీ కింద నుంచి కాంటాక్టర్ ఒకటి, మూడు, ఐదులోకి. రెండు, నాలుగు, ఆరులోంచి ఓవర్‌లోడ్ రిలేలోకి. రిలే కింద నుంచి మోటారుకి.”

ఆదాం తల మెల్లిగా ఊపాడు. కుడిచేతి చూపుడువేలు మోకాలి మీద కదిలింది. పై నుంచి కిందికి మూడు గీతలు గీసింది.

“కంట్రోలు వైరు ఎంసీబీ దాటాక మొదటి ఫేజు నుంచి మొదలు. ఫ్యూజు గుండా రిలే తొంభై ఐదులోకి. తొంభై ఆరు నుంచి పానెల్ మీది స్టాపులోకి. స్టాపు నుంచి మిషను దగ్గరున్న బంద్ బటన్‌లోకి. బంద్ దాటాక వైరు మూడు దారులు. మొదటిది పానెల్ మీది స్టార్టు. రెండోది కాంటాక్టర్ పదమూడు, పద్నాలుగు. మూడోది...”

వేలు ఆగింది.

“మూడోది మిషను దగ్గరి పెట్టెలో రెండో బటన్. ఈ మూడూ అవతలి వైపు మళ్ళీ కలిసి కాయిలు ఏ-వన్‌కి. ఏ-టూ నుంచి న్యూట్రలుకి.” ఫెబా పుస్తకం మూసింది. “నాన్నా, ఆ మూడో దాని మీద గ్రీజు పడింది. గుర్తు కనబడట్లేదు. పక్కన చాలు అని రాసుంది. నువ్వు రాసిందే. ఆ వైరుమన్ అక్కడ ఎర్ర బటన్, స్టాపుది బిగించాడు. నువ్వు అక్కడ ఏం గీశావు?”

అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను రెక్కలు నిదానమై ఆగాయి.

ఆదాం లేచాడు. గోడ పట్టుకుని నడిచాడు. ముందుగది స్విచ్చులు. వంటింటివి. స్నానాల గది లైటుది. పట్టపగలే, ఒక్కొక్కటీ టిక్కు టిక్కుమని కిందికి దిగుతున్న చప్పుడు. రెబ్కా లెక్కపెడుతూ ఉంది. తొమ్మిది. ఆయన తిరిగొచ్చి మంచం మీద కూర్చున్నాడు. ఎండకి రేకులు చిటపటమంటున్నాయి. బయట ఎక్కడో మిరప బస్తాల లారీ పోయింది, ఘాటు లోపలికొచ్చి ముగ్గురికీ దగ్గొచ్చింది. దగ్గు తగ్గింది. రెబ్కాకి ఆ దూరపు చప్పుడు మళ్ళీ మొదలైంది. ఈసారి దగ్గరగా, గదిలోనే తిరుగుతున్నట్టు.

‘ఇక ఒప్పుకుంటాడు. ఆ రోజు చొక్కా పట్టుకుని ఆపింది నేను. ఆయన వెళ్ళుంటే ఆ పెట్టె ఆయనే బిగించేవాడు. అంకయ్య బావ బతికుండేవాడు’ అనుకుంది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ మాట తనకి తను పూర్తిగా చెప్పుకుంది.

పక్కింట్లో టీవీ పెద్దగా మోగింది. కరెంటొచ్చింది. ఆదాం లేవలేదు.

“చాలు కాదమ్మా” అన్నాడు చివరికి. “చాలూ.”

“అంటే?”

“నాకు పని నేర్పింది అన్వర్ భాయ్. మిల్లులో పాత ఫోర్‌మన్. ఆయనకి తెలుగు రాదు, అంతా హిందీలోనే. మిషను నడపమనాలంటే ‘చాలూ కరో’ అనేవాడు. ఆపమనాలంటే ‘బంద్ కరో’. చాలూ, బంద్. పనిలో నాకొచ్చిన మొదటి మాటలు అవే. పెట్టె కలిపినప్పుడు అవే రాసుకున్నాను. చాలూ అంటే స్టార్టు.” మోకాలి మీద ఆయన వేలు మళ్ళీ కదిలింది. “అక్కడ నేను స్టార్టు గుర్తే గీశాను. వేలు పెట్టి చెప్పగలను. గీత సరిగ్గానే గీశాను, ఫెబా. తెలుగు చదివేవాడికి అది ఇంకోలా వినబడుద్దని నాకు తోచలేదు. ఇప్పుడు నువ్వు చదివిందాకా తోచలేదు. దీర్ఘం పెట్టలేదు నేను. ఒక్క దీర్ఘం.”

రెబ్కా నేల మీద కూలబడింది. ఏడుపొస్తోంది గానీ, అది దేనికో ఆమెకే తెలియడం లేదు. గీత తప్పు కాదు. ఆ మాట ఆమెకి కావలసిన మాటే. కానీ ఆ దీర్ఘం మాటేంటి?

“దాని గుర్తు చూసి బిగించాలి గానీ మాట చూసి కాదు నాన్నా. తప్పు వాడిది. కరెంటొచ్చాక తిప్పి చూడకుండా పోవడం కూడా వాడి తప్పే.”

“వాడిది వాడు చూసుకుంటాడు” అన్నాడు ఆదాం. “ప్రేమమ్మ వదిన నన్నడిగింది. నేను చెప్పాలి. ఫోను కలుపు.”

“ఇప్పుడా?” రెబ్కా ఉలిక్కిపడింది. “ఆవిడ తిడితే? శాపనార్థాలు పెడితే? నంబరుందా అసలు?”

“ఉంది” అంది ఫెబా. “క్రిస్మసుకి నేను మెసేజి పెడతాను. చూస్తది, జవాబివ్వదు.”

ఫెబా స్పీకరు పెట్టింది. ఫోను చాలాసేపు మోగింది. తర్వాత ఎవరో ఎత్తారు. “ఎవరూ” అన్న ముసలి గొంతు.

ఆదాం తన పేరు చెప్పాడు. ఆయన ఆగకుండా చెప్పాడు, ఎక్కడ ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేడో అన్నట్టు. పాత పానెల్ ఫొటో వచ్చిందని. ఏ వైరు ఎటు పోయిందో ఫెబా అంతా రాసిందని. ఆ ఎర్ర బటన్ ఉండకూడని చోట ఉందని. అందుకే కరెంటు రాగానే ఎవరి చెయ్యీ పడకుండా మిషను తిరిగిందని. అది ఏ దయ్యమూ కాదని. “నువ్వడిగావు కదొదినా, బొమ్మలో తప్పుందా అని. గీతలో తప్పు లేదు. పక్కన రాసిన మాటలో ఉంది. ఆ మాట నేనే రాశాను. ఆ రోజు నీకు చెప్పలేకపోయాను, నాకే తెలీదు.”

అవతల నిశ్శబ్దం. ఫోను పెట్టేసిందేమోనని రెబ్కా వంగి చూసింది. పెట్టెయ్యలేదు, అంకెలు కదులుతున్నాయి. ఒక నిమిషం. రెండు. ఎక్కడో కోడి అరిచింది, ఎవరో గిన్నె కింద పెట్టారు. ప్రేమమ్మ గుండె పట్టేసిందేమో, అక్కడ ఇంట్లో ఇంకెవరన్నా ఉన్నారో లేదో అని రెబ్కా భయపడుతూ ఉంది. ఆదాం కదలకుండా ఫోను వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. నాలుగో నిమిషం దాటింది.

“ఫెబా ఉందా అక్కడ?” అంది ప్రేమమ్మ.

“ఉన్నాను పెద్దమ్మా.”

“అది ఎట్టెట్టా పోయిందో రాశావంటగా. నాకు చదువు. మొదట్నించీ చదువు, మెల్లిగా. నాకు కరెంటు సంగతులు తెలీవు.”